ముత్యం అసలుదా కాదా: ముందు బెజ్జం ఫొటో చూడండి

ప్రశ్న: "ఒక ముత్యాల దండకి క్లోజప్ ఫొటోలు తీశాను. ఇవి సహజమైనవా, కల్చర్డా, ఇమిటేషనా? ఎక్కడ చూస్తే తెలుస్తుంది?"

మెరుపు లైటును బట్టి మారిపోతుంది, బెజ్జం అంచు మారదు. అందుకే మొదట అక్కడే చూడాలి. ఫోన్ కెమెరా ముందు పది రెట్లు పెద్దదిగా చూపే లూప్ పెట్టి, ఫ్లాష్ ఆపేసి, పక్క నుంచి లైటు వేయండి. ముత్యాన్ని 30 డిగ్రీలు వంచితే బెజ్జం లోపలి గోడ కనిపిస్తుంది. నిటారుగా తీస్తే నల్లటి చుక్క తప్ప ఏమీ రాదు.

ఇమిటేషన్‌లో గాజు లేదా ప్లాస్టిక్ పూస మీద పూత ఉంటుంది. ఆ పూత బెజ్జం చుట్టూ గట్టులా పేరుకుంటుంది, లేదా పైకి లేచి పొట్టులా ఊడుతుంది. ఊడినచోట గాజు తళతళ బయటపడుతుంది. అసలు ముత్యపు పొర అలా తోలులా లేవదు, సున్నం పెచ్చులా పొడిగా విరుగుతుంది.

పూస పెట్టి పెంచిన కల్చర్డ్ ముత్యంలో గుర్తు మరొకటి. లోపలి ఆల్చిప్ప పూసకీ, పైన పెరిగిన పొరకీ మధ్య గోడ మీద ఒక గీత, చాలాసార్లు ముదురు గోధుమ రంగులో, చుట్టూ తిరిగి ఉంటుంది. ఉదాహరణకి బెజ్జం వెడల్పు 0.8 మి.మీ. అనుకుందాం. ఫొటోలో ఆ గీత అంచు నుంచి బెజ్జం వెడల్పులో పావు వంతు లోపల, అంటే 0.2 మి.మీ. దూరంలో కనిపించింది. 30 డిగ్రీల వంపులో లోతు సగమే కనిపిస్తుంది కాబట్టి పొర అసలు మందం 0.4 మి.మీ. అన్నమాట. బెజ్జం వెడల్పు కొలిచేటప్పుడు అండాకారంలో పొడవు వైపు తీసుకోవాలి, లేకపోతే లెక్క తప్పుతుంది.

గీత కనిపించనంత మాత్రాన సహజ ముత్యం అనుకోవద్దు. చాలామంది పొరబడేది ఇక్కడే. మంచినీటి కల్చర్డ్ ముత్యాల్లో చాలావాటికి లోపల పూసే ఉండదు, గోడ అంతా ఒకే రకం పొరలు. సహజ ముత్యమూ అంతే. సహజ ముత్యాలు బరువు లెక్కన అమ్మేవారు కాబట్టి బరువు తగ్గకుండా బెజ్జం సన్నగా వేసేవారు. సన్న బెజ్జం ఒక సూచన మాత్రమే, రుజువు కాదు.

ఉపరితలం, మెరుపు పై సంగతిని బలపరచడానికి చూడండి. ఇమిటేషన్ దగ్గరగా చూస్తే బత్తాయి తొక్కలా గరుకు, దండ అంతా ఒకే మెరుపు. అసలువాటిలో చిన్న గుంటలు, పూసకీ పూసకీ తేడా ఉంటాయి. ఫోన్‌లో స్మూతింగ్ ఆన్‌లో ఉంటే ఈ గరుకుదనమే మాయమవుతుంది, కాబట్టి దాన్ని ఆపి తీయండి.

పూత ఊడలేదు, గీత లేదు అనుకుంటే సహజమా కల్చర్డా అన్నది ఫొటోతో తేలదు. అప్పుడు ల్యాబ్‌లో ఎక్స్‌రే తీయించాల్సిందే.