రైల్లో పిల్లలకు కాలక్షేపం

ఆరేళ్ల పాప, పదకొండేళ్ల బాబుతో పగటి రైల్లో హైదరాబాదు నుంచి నాగపూర్ మీదుగా ఢిల్లీ వెళ్తున్నాం. ఫోను ఇవ్వకుండా ఎలా ఆడించాలి?

బాబుకు సెకన్ల ముల్లు ఉన్న చేతిగడియారం ఇచ్చి కిటికీ దగ్గర కూర్చోబెట్టండి. పట్టాల పక్కన కరెంటు స్తంభాల మీద పై అంకె కిలోమీటరు, కింది అంకె ఆ కిలోమీటరులో స్తంభం వరస. పై అంకె మారినప్పటి నుంచి మళ్లీ మారేదాకా సెకన్లు లెక్కపెట్టి, 3600ను దాంతో భాగిస్తే రైలు వేగం వస్తుంది. 40 సెకన్లు పడితే గంటకు 90 కిలోమీటర్లు. వేగం ఎక్కువైతే దగ్గరి స్తంభం మీద అంకె అందదు, అవతలి లైను స్తంభాలు చూడమనండి. చీకటి పడ్డాక ఈ ఆట సాగదు.

పాపకు ఆగే స్టేషన్ల పేర్లు కాగితం మీద వరసగా రాసివ్వండి. పసుపు బోర్డు కనబడగానే టిక్కు పెడుతుంది. మంచిర్యాలకు ముందు గోదావరి వంతెననూ అందులో చేర్చండి. మహారాష్ట్రలో అడుగుపెట్టాక బోర్డు మీద తెలుగు అక్షరాలు ఏ స్టేషనులో మాయమయ్యాయో తనే కనిపెట్టాలి. అన్నయ్య ముందే చెప్పేయకుండా చూసుకోండి, గొడవ అక్కడే మొదలవుతుంది!

రాత్రికి అంత్యాక్షరి చాలు, అదీ పక్క బెర్తుల వాళ్లు పడుకునేదాకానే.