ఫిన్నిష్‌లో బిల్లు కట్టారా, కట్టేశారా?

ఫిన్లాండ్‌కి కొత్తగా వచ్చిన మనవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. క్రియ మారదు, అర్థం మారిపోతుంది. మారేది కర్మ చివర ఉన్న అక్షరం.

'లస్కు' అంటే బిల్లు. 'మక్సోయిన్ లస్కున్' అంటే బిల్లు కట్టేశాను, బాకీ లేదు. 'మక్సోయిన్ లస్కుఅ' అంటే అప్పుడు బిల్లు కడుతూ ఉన్నాను, లేదా కొంత కట్టాను. చివర 'న్' ఉంటే అక్యూజేటివ్, 'అ' ఉంటే పార్టిటివ్.

దీనికి మన భాషలోనే ఒక కొలత ఉంది. 'కట్టేశాను', 'చదివేశాను' అని '-ఏయు' పెట్టి చెప్పగలిగిన చోట సాధారణంగా 'న్' వస్తుంది. 'కడుతున్నాను' అనే చోట 'అ' వస్తుంది. తెలుగులో ఉత్తి 'కట్టాను' రెంటికీ సరిపోతుంది కాబట్టి దాన్ని తలుచుకుని అనువదిస్తే తప్పుతాం. ఫిన్నిష్‌లో భవిష్యత్ కాలానికి వేరే క్రియారూపం లేదు. 'మక్సన్ లస్కున్' అంటే కట్టేస్తాను, 'మక్సన్ లస్కుఅ' అంటే ఇప్పుడు కడుతున్నాను.

ఆఫీసులో చూడండి. ఉదయం మీటింగ్‌లో 'కోర్యసిన్ బుగిన్' అంటే బగ్ సరిచేసేశానని విని టికెట్ మూసేస్తారు. పని ఇంకా పూర్తి కాకపోతే 'కోర్యసిన్ బుగిఅ' అనాలి.

'లేదు' అన్నామంటే మాత్రం ఎంపిక లేదు, ఎప్పుడూ పార్టిటివే: 'ఎన్ మక్సనుత్ లస్కుఅ', బిల్లు కట్టలేదు. మనమూ 'కట్టేశావా?' అని అడిగితే 'కట్టలేదు' అంటాం, 'కట్టేయలేదు' అనం కదా. చిక్కేమిటంటే, అసలు మొదలే పెట్టలేదా, సగంలో ఆగిందా అన్నది ఈ వాక్యం చెప్పదు. ఆ సంగతి విడిగా చెప్పాలి.

'న్' కనిపించకపోయినా పూర్తి అర్థం ఉండే చోట్లున్నాయి. 'మక్స లస్కు', అంటే బిల్లు కట్టెయ్. 'మినున్ ఒన్ పక్కో మక్సా లస్కు', అంటే నేను బిల్లు కట్టక తప్పదు. ఆజ్ఞలోనూ, తప్పదు అనే వాక్యంలోనూ ఏకవచన నామం ఉత్తిగా ఉండిపోతుంది. ఇక్కడ అలవాటుగా 'లస్కున్' అనేయడం మామూలు పొరపాటు.

'-ఏయు' కొలత అన్నిటికీ పనికిరాదు. 'ఒదోతిన్ బుస్సిఅ', బస్సు కోసం ఎదురుచూశాను. బస్సు వచ్చినా రాకపోయినా పార్టిటివే, ఎందుకంటే ఎదురుచూపు బస్సుని ఏమీ చేయదు. మరోవైపు 'ముయిస్తన్ నిమెన్', పేరు గుర్తుంది. ఇక్కడ పూర్తయ్యే పనేమీ లేకపోయినా 'న్' వస్తుంది. ఇలాంటి క్రియల్ని వాటి కర్మతో కలిపే గుర్తుపెట్టుకోవాలి.

చెవికి ఇంకో సంగతి. హెల్సింకి వైపు వాడుకలో 'లస్కుఅ' 'లస్కూ' అవుతుంది, 'బుగిఅ' 'బుగీ' అవుతుంది. చివర దీర్ఘం వినబడితే పార్టిటివ్ అనుకోండి, హ్రస్వంగా ఆగితే అది ఉత్తి 'లస్కు'.