రెజ్యూమే మీది, ఫోన్ నంబర్ ఎవరిది?

మేడమ్, పాప కడుపులో ఉన్నప్పుడు ఉద్యోగం మానేశాను. ఇప్పుడు పాప స్కూలుకి వెళ్తోందని మళ్లీ ప్రయత్నిస్తున్నాను. మా వారి ఫ్రెండ్ రిఫరల్‌తో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీకి అప్లై చేశాం. రెజ్యూమే తయారుచేసి పంపింది మా వారే. పంపాక చూస్తే, నేను 2018 జూన్‌లో చేరి 2020 అక్టోబర్‌లో మానేస్తే, అందులో 2021 అక్టోబర్ అని పడింది. వాళ్లు కనీసం మూడేళ్ల అనుభవం అడిగారు. సరిచేద్దామంటే మా వారు "ఎవరూ చూడరులే, అనవసరంగా కెలక్కు" అంటున్నారు. ఫారంలో ఇచ్చిన ఫోను, మెయిలు కూడా ఆయనవే కాబట్టి నేనే రాద్దామన్నా కుదరడం లేదు. వచ్చే వారం ఇంటర్వ్యూ. చెబితే అవకాశం పోతుందా, చెప్పకపోతే ఏమైనా అవుతుందా?
ఒక సోదరి, హైదరాబాద్

చెప్పాలమ్మా. ఇంటర్వ్యూకి ముందే చెప్పాలి. దానికి ఇంత ఆలోచన అక్కర్లేదు. మీ ఉత్తరంలో నాకు మనసు కలుక్కుమన్నది మాత్రం ఆ తేదీ దగ్గర కాదు, చివర్లో మామూలు విషయంలా రాసేసిన ఆ ఫోన్ నంబర్ దగ్గర. ఉద్యోగం చేయబోయేది మీరు, కంపెనీ నుంచి కాల్ వస్తే ఎత్తేది ఆయన. మీ పేరు మీద వెళ్లిన కాగితంలో తప్పు దొర్లితే దాన్ని దిద్దడానికి ఆయన ఒప్పుకోవాలి, ఆయన మెయిల్ తెరవాలి, ఆయనకి తీరిక దొరకాలి. ఇన్నేళ్లలో ఇది మీకు ఇబ్బందిగా అనిపించలేదంటే నాకు బాధగా ఉంది.

ముందు ఆ "ఎవరూ చూడరులే" సంగతి చూద్దాం. ఇంటర్వ్యూ చేసేవాళ్లు చూడకపోవచ్చు, నిజమే. చూసేవాళ్లు ఆ తర్వాత వస్తారు. ఆఫర్ ఇచ్చే ముందో, చేరిన కొత్తలోనో బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ అని ఒకటి ఉంటుంది. రిలీవింగ్ లెటర్ అడుగుతారు, పాత కంపెనీ హెచ్ఆర్‌కి రాసి ఆఖరి పనిరోజు ఏదని కనుక్కుంటారు, చాలా చోట్ల యూఏఎన్ నంబర్ తీసుకుని పీఎఫ్ సర్వీస్ హిస్టరీ కూడా చూస్తారు. మీ పీఎఫ్ 2020 అక్టోబర్‌తో ఆగిపోయి, రెజ్యూమేలో ఇంకో పన్నెండు నెలలు ఉద్యోగం కనిపిస్తే దాన్ని టైపింగ్ పొరపాటని ఎవరూ అనుకోరు. ఎందుకంటే ఆ ఏడాది వల్లే మీ రెండేళ్ల నాలుగు నెలలు మూడేళ్ల నాలుగు నెలలయ్యాయి, వాళ్లు పెట్టిన మూడేళ్ల గీత దాటాయి. పేరులో అక్షరం తప్పు పోతేనో, ప్రాజెక్టు గురించి రాసినచోట ఒక వాక్యం తేడాగా ఉంటేనో ఊరుకోమని నేనే చెప్పేదాన్ని. అర్హతని మార్చే తప్పు విషయంలో ఊరుకోకూడదు. పైగా వెరిఫికేషన్ ఫారం కింద "పై వివరాలన్నీ నిజం" అని సంతకం పెట్టేది మీరు. ఈరోజు ఇది పొరపాటు, తెలిసి కూడా ఆ సంతకం పెట్టిన రోజున అబద్ధం. చేరాక బయటపడితే ఉద్యోగంలోంచి తీసేయవచ్చు, ఆ మాట ఆఫర్ లెటర్లలో సాధారణంగా రాసే ఉంటుంది.

ఇప్పుడు చేయాల్సిన పని. మెయిల్ రాసేముందు సరైన తేదీ కాగితం మీద చూసుకోండి, జ్ఞాపకం మీద రాయొద్దు. రిలీవింగ్ లెటర్ ఉంటే అందులో ఉంటుంది. పీఎఫ్ మెంబర్ పోర్టల్‌లో సర్వీస్ హిస్టరీ తెరిస్తే చేరిన తేదీ, మానేసిన తేదీ రెండూ కనిపిస్తాయి. పాత కంపెనీ వాళ్లు మానేసిన తేదీ ఎక్కించకపోతే ఆ గడి ఖాళీగా ఉండొచ్చు, అప్పుడు పాస్‌బుక్‌లో ఆఖరిసారి డబ్బు ఏ నెల జీతం మీద పడిందో చూడండి. అక్కడ ఓటీపీ ఏ ఫోన్‌కి వెళ్తుందో కూడా గమనించండి. అదీ ఆయన నంబరే అయితే, నేను ఎందుకింత గట్టిగా చెబుతున్నానో మీకే అర్థమవుతుంది.

తర్వాత మీ పేరు మీద, మీ ఒక్కరికే పాస్‌వర్డ్ తెలిసిన మెయిల్ ఐడీ ఒకటి తీసుకోండి. ఇంటర్వ్యూ పిలుపు పంపిన రిక్రూటర్ అడ్రస్ ఆయన మెయిల్‌లోనే ఉంటుంది, అది చూసి రాసుకుంటే చాలు, అందుకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. సబ్జెక్ట్‌లో మీ పేరు, ఉద్యోగం పేరు, జాబ్ ఐడీ, "రెజ్యూమేలో సవరణ" అన్న మాట. లోపల ఇంతే: "నేను పంపిన రెజ్యూమేలో పాత ఉద్యోగం ముగిసిన తేదీ 2021 అక్టోబర్ అని తప్పుగా పడింది. సరైనది 2020 అక్టోబర్. దీని ప్రకారం నా అనుభవం రెండేళ్ల నాలుగు నెలలు. సరిచేసిన రెజ్యూమే జతచేశాను. ఇకమీదట ఈ నంబర్‌లో, ఈ మెయిల్‌లో నన్ను సంప్రదించండి." క్షమాపణలు పేరాలకొద్దీ వద్దు, మా ఆయన రాశారు అన్న మాట అసలే వద్దు, రెజ్యూమే మీద పేరు మీది. పంపేముందు చదవకపోవడం మీ వంతు తప్పు, అది ఒప్పుకోవాల్సిందే.

ఇంకో జాగ్రత్త. కంపెనీ సైట్‌లో ప్రొఫైల్‌కి కొత్త రెజ్యూమే ఎక్కించినంత మాత్రాన, ముందు పంపిన అప్లికేషన్‌లో ఉన్నది మారిపోతుందని అనుకోకండి. చాలాచోట్ల ఒకసారి సబ్మిట్ చేశాక అది అలాగే ఉండిపోతుంది. నౌకరీ లాంటి జాబ్ సైట్లలో మీ ప్రొఫైల్ మార్చినా రిక్రూటర్ దించుకున్న పాత కాపీ వాళ్ల దగ్గరే ఉంటుంది. మెయిల్ మానేసి అదే ఉద్యోగానికి వేరే తేదీలతో మళ్లీ అప్లై చేస్తే ఇంకా చెడుగా కనిపిస్తుంది, ఒకే మనిషివి రెండు రకాల రెజ్యూమేలు ఒకేచోట దొరుకుతాయి. ఇంటర్వ్యూ నాటికి జవాబు రాకపోతే సరిచేసిన కాపీ దగ్గర పెట్టుకుని, మొదట్లోనే "ఒక తేదీ సరిచేసి పంపాను, చూశారా" అని మీరే ఎత్తండి.

ఇక మీ వారి సంగతి. ఆయన చెడ్డవారని నేను అనడం లేదు. భార్యకి ఉద్యోగం రావాలని కూర్చుని రెజ్యూమే చేసిపెట్టే భర్తలు ఎందరున్నారు? కానీ సాయం చేయడం వేరు, మీ తరఫున నిర్ణయాలు తీసుకోవడం వేరు. ఆయన వద్దంటున్నది ఆ తప్పు తను చేసినందుకో, ఫ్రెండ్ దగ్గర మాట పడుతుందనో అయ్యుండొచ్చు. ఆ మొహమాటం ఆయనది, దాన్ని మీ సర్వీసు మీద రుద్దకూడదు. మెయిల్ పంపేముందు కాదు, పంపాక చెప్పండి. గొడవగా వద్దు, భోజనాల దగ్గర మామూలుగా, "ఏమండీ, ఆ తేదీ సరిచేసి వాళ్లకి మెయిల్ పెట్టాను, ఇక నుంచి కాల్స్ నాకే వస్తాయి" అనండి చాలు. ఆయన ఒక పూట ముభావంగా ఉంటే ఉండనివ్వండి. సంసారంలో భార్య ప్రతి పనికీ అడిగి చేయడమే మర్యాద అని నేను ఏనాడూ నమ్మలేదు, ఇప్పుడు నమ్మను.

అవకాశం పోతుందా అని అడిగారు. పోవచ్చు. మూడేళ్లు తప్పనిసరి అంటే మీ అప్లికేషన్ అక్కడితో ఆగుతుంది. కొన్ని టీముల్లో ఆ కనీసం అన్నది కాస్త అటూ ఇటూగా చూస్తారు, రెజ్యూమే నచ్చి పిలిచారు కాబట్టి ఇంకో చిన్న పోస్టుకైనా చూడవచ్చు. ఆపేస్తే మాత్రం ఒకటి నుంచి మూడేళ్ల అనుభవం అడిగే వాటికి, విరామం తర్వాత తిరిగొచ్చే మహిళల కోసం కొన్ని కంపెనీలు పెట్టే రిటర్న్‌షిప్ లాంటి వాటికి అప్లై చేయండి. వాటిలో మీ గ్యాప్‌ని దాచాల్సిన పనే ఉండదు, పాప కోసం మానేశానని సూటిగా రాయొచ్చు. ఈసారి ఫారం మీరే నింపండి, ఆయనకి చదివి చూడమని ఇవ్వండి.

రిఫర్ చేసిన ఆ ఫ్రెండ్‌కి కూడా అదే రోజు విషయం తెలియాలి, ఎందుకంటే హెచ్ఆర్ అతన్ని అడిగితే అతను బిత్తరపోకూడదు. సవరించిన రెజ్యూమే పంపి రెండు ముక్కల్లో చెప్పమని మీ వారిని అడగండి. సాయంత్రానికల్లా ఆయన పంపకపోతే ఆ అన్నయ్యకి మీరే మెసేజ్ పెట్టండి.