పాలు పొంగించడానికి రమ్మన్న స్నేహితురాలు

"అమ్మా, నాకు 41 ఏళ్లు, హైదరాబాద్‌లో ఉంటాం. డిగ్రీ రోజుల నుంచి నాకు ప్రాణస్నేహితురాలు ఒకరే. ఆరేళ్ల కిందట భర్త పోయాక పాపను పెంచుకుంటూ గుంటూరులో సొంతంగా ఇల్లు కట్టుకుంది. గృహప్రవేశంలో పాలు తను పొంగించకూడదని బంధువులు అన్నారట. 'అయితే నువ్వే వచ్చి పొంగించవే' అని నెల ముందు ఫోన్ చేసింది. వస్తానన్నాను. మా ఆడపడుచు కూతురి ఓణీల ఫంక్షన్ పనుల్లో పడి పూర్తిగా మర్చిపోయాను. ఈ ప్రయాణం సంగతి ఇంట్లో కూడా ఎవరికీ చెప్పలేదు, ఫంక్షన్ అయ్యాక చెబుదామనుకున్నాను. మూడో రోజు మా డిగ్రీ గ్రూపులో ఫొటోలు చూశాక గుర్తొచ్చింది. వాళ్ల పెద్దమ్మ పాలు పొంగిస్తుంటే తను వెనక తలుపు దగ్గర నిలబడి ఉంది. కంగారులో గ్రూపులో శుభాకాంక్షల బొమ్మ పెట్టేశాను. తను ఏమీ అనలేదు. ఇలా రాసి ఉంచాను: 'నేను మనిషినే కాదు, నీ ముఖం చూసే అర్హత లేదు. ఫంక్షన్ పనుల్లో ఊపిరి సలపలేదు. నిన్ను బాధ పెట్టి ఉంటే క్షమించు. నువ్వు క్షమించానని చెప్పేదాకా నాకు అన్నం సయించదు.' ఇది పంపనా? వెండి కుందులు కొని పంపితే కోపం తగ్గుతుందా?"

వెండి కుందులు పంపకండి. ఆమె మిమ్మల్ని అడిగింది వస్తువు కాదు కనుక వస్తువుతో ఈ లెక్క సరిపోదు. ఇప్పుడు పంపితే వాటిని చూసినప్పుడల్లా ఆమెకు మీరు రాని తెల్లవారుజామే గుర్తుకు వస్తుంది. ఆ ప్రశ్నను ఇక్కడితో వదిలేద్దాం.

మీ ఉత్తరంలో నన్ను పట్టి ఆపిన వాక్యం వేరే ఉంది. "ఫంక్షన్ అయ్యాక చెబుదామనుకున్నాను" అని మీరు దారిన పోతున్నట్టు రాశారు. ఆడపడుచు కూతురి ఓణీల తేదీ మీ ఇంట్లో మీ వారికి తెలుసు, మీ అత్తగారికి తెలుసు, బహుశా గోడ మీద క్యాలెండరుకీ తెలుసు. దానిని మీరు మర్చిపోదామన్నా నలుగురు గుర్తు చేసేవారు. గుంటూరు తేదీ మీ ఒక్కరి మనసులోనే ఉంది. మీరు నోరు విప్పి ఇంట్లో చెప్పి ఉంటే ఎవరో ఒకరు "నువ్వు ఈ వారమే కదా వెళ్లాలి" అని ఉండేవారు, కనీసం "ఇప్పుడెలా వెళతావు" అని విసుక్కుని ఉండేవారు, ఆ విసుగు కూడా మీకు తేదీని గుర్తు చేసేది. మీరు నెల రోజులు చెప్పకుండా ఉన్నది తీరిక లేక కాదని నేను అనుకుంటున్నాను. అత్తవారి వైపు శుభకార్యానికి వెళ్లడం మీ ఇంట్లో బాధ్యత, మీ స్నేహితురాలి ఇంటికి వెళ్లడం మాత్రం ఒకరి దగ్గర అడిగి తెచ్చుకోవలసిన సెలవు. ఆ అడగడాన్ని మీరు రేపటికి, ఎల్లుండికి నెట్టుకుంటూ పోయారు, అలా నెట్టినది చివరికి మనసులోంచి కూడా జారిపోయింది. కాబట్టి సరిచేసుకోవలసిన మొదటి బంధం మీకూ మీ వారికీ మధ్య ఉన్నది. ఇరవై ఏళ్ల స్నేహానికి ఇంట్లో ఒక చోటు ఉందని ఆయనకు మీరు ఇంతవరకు చెప్పినట్టు లేదు.

అయితే ఇందులో ఒక్క ముక్క కూడా మీ మెసేజ్‌లోకి రాకూడదు. ఆడపడుచు కూతురి ఫంక్షన్ ప్రస్తావన వస్తే, ఆమె దానిని "వాళ్ల పని ఉంది కనుక నా పని మర్చిపోయావు" అనే చదువుకుంటుంది, అది నిజం కూడా. ఇంట్లో ఒప్పుకోరేమోనని భయపడ్డానని రాస్తే, ఎదురు మీ కష్టం వినవలసిన పని ఆమె మీద పడుతుంది. ఆమె తర్వాత తనంతట తాను అడిగితే అబద్ధమాడకుండా చెప్పండి. అడగకముందే చెప్పేది సంజాయిషీ అవుతుంది.

ఇప్పుడు మీరు రాసి ఉంచిన నాలుగు వాక్యాలు చూద్దాం. "నేను మనిషినే కాదు" అన్న మాట చదివిన స్నేహితురాలు ఏమి చేస్తుంది? "అంత మాట ఎందుకులేవే" అని మిమ్మల్ని ఓదారుస్తుంది. దెబ్బ తిన్న మనిషి చేత మందు కూడా పూయించుకున్నట్టు ఉంటుంది అది. రెండవ వాక్యం సంజాయిషీ. మూడవ దానిలో "బాధ పెట్టి ఉంటే" అన్నారు; బాధ పడిందో లేదో మీకు తెలియనట్టు ఆ "ఉంటే" వినిపిస్తుంది, తలుపు దగ్గర నిలబడిన ఫొటోను మీరే చూశారు కదా. నాలుగవది అన్నిటికంటే బరువైనది, ఎందుకంటే మీ అన్నం సంగతి ఆమె చేతిలో పెట్టి వెంటనే క్షమించమని తొందర పెడుతోంది. నాలుగు వాక్యాలలోనూ మీరే ఉన్నారు. గృహప్రవేశం అన్న మాట కానీ, పాలు అన్న మాట కానీ, మీరు వస్తానన్న సంగతి కానీ ఎక్కడా లేవు.

క్షమాపణలో ఏ భాగానికి ఎక్కువ విలువ ఉంటుందో అమెరికాలోని ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయానికి చెందిన రాయ్ లెవికి బృందం పరిశీలించి 2016లో ప్రచురించింది. వారు చూసిన ఆరు అంశాలలో అన్నిటికంటే ముఖ్యమైనది "ఇది నా తప్పు" అని బాధ్యత ఒప్పుకోవడం, దాని తర్వాతిది జరిగిన దానిని సరిదిద్దుతానని ముందుకు రావడం, అన్నిటికంటే తక్కువ ప్రభావం చూపినది క్షమించమని వేడుకోవడం. మీ మెసేజ్‌లో వేడుకోలు నిండుగా ఉంది, మొదటి రెండూ లేవు.

బాధ్యత ఒప్పుకోవాలంటే ముందు దేనికి ఒప్పుకుంటున్నారో మీకు స్పష్టంగా తెలియాలి. మీరు ఒక విందుకు వెళ్లడం మర్చిపోలేదు. ఆమె తన డబ్బుతో, తన కష్టంతో ఇల్లు కట్టుకుంటే, ఆ ఇంటి పొయ్యి మీద మొదటి పాలు పొంగించడానికి ఆమె చేయి పనికిరాదన్నారు. రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం గారు తొలి వితంతు వివాహం జరిపించింది 1881లో. ఇన్నేళ్ల తర్వాత కూడా ఒక గిన్నె పాల దగ్గర మనం ఇలా ఆగిపోవడం నాకు కోపం తెప్పిస్తుంది, దానిని దాచుకోను. ఆ మాట పడ్డ రోజున ఆమె గొడవ పడకుండా, తన వాళ్లలో తాను ఎంచుకున్న చేయిగా మిమ్మల్ని పిలిచింది. "వాళ్లు వద్దన్నారు, సరే, ఎవరు పొంగించాలో నేను నిర్ణయిస్తాను" అన్న చిన్న హక్కు ఆమెకు మిగిలింది. మీరు రాకపోవడంతో అది కూడా బంధువుల చేతికి పోయింది. మీ మెసేజ్‌లో ఈ సంగతి మీకు అర్థమైందని ఆమెకు తెలియాలి, అంతకు మించి ఏడుపు అక్కర్లేదు.

మీరు పిలుచుకునే పేరుతో మొదలుపెట్టి, దాదాపు ఇలా రాయండి:

"గురువారం తెల్లవారుజామున నీ కొత్త ఇంట్లో పాలు పొంగించడానికి వస్తానని నీకు మాటిచ్చి నేను రాలేదు. తేదీ మర్చిపోయాను, అది నా తప్పే. అంతమందిలో నువ్వు నన్నే ఎందుకు అడిగావో నాకు తెలుసు. నువ్వు తలుపు దగ్గర నిలబడిన ఫొటో చూశాను, ఆ పూట నేను నీ పక్కన ఉండాల్సింది. ఏమీ జరగనట్టు గ్రూపులో బొమ్మ పెట్టడం కూడా తప్పే. నన్ను మన్నించు. వచ్చే ఆదివారం నీకు వీలైతే నేనొక్కదాన్నే వస్తాను. ఇప్పుడొద్దంటే నువ్వు రమ్మన్నప్పుడు వస్తాను. దీనికి వెంటనే జవాబు ఇవ్వక్కర్లేదు."

ముహూర్తం ఏ రోజో మీరు రాయలేదు, గురువారం నేను పెట్టినది. అసలు రోజును సరిచూసుకుని రాయండి, అక్కడ కూడా తప్పు పోతే ఇక చెప్పడానికేమీ ఉండదు. మాటలను మీ ఇద్దరి యాసలోకి మార్చుకోండి, కానీ వాక్యాలు పెంచకండి. ముఖ్యంగా "మర్చిపోయాను" తర్వాత "కానీ" అన్న మాట చేర్చకండి. మన్నించమని ఒక్కసారి అడిగితే చాలు. చివరి వాక్యం తీసేయాలనిపిస్తుంది మీకు, తీసేయవద్దు. నీలి గీతలు రెండు కనపడ్డాక మీరు ఎదురు చూస్తున్నారన్న ఒత్తిడిని అదొక్కటే తగ్గిస్తుంది.

దీనిని ఆమెకు విడిగా పంపండి, గ్రూపులో వద్దు. గ్రూపులో పెడితే పదిమంది ముందు ఆమె పెద్దమనసు చూపించక తప్పదు. ఆ శుభాకాంక్షల బొమ్మను ఇప్పుడు తొలగించకండి, తొలగించినట్టు గుర్తు అక్కడే మిగిలి అందరూ దాని గురించి అడుగుతారు. గొంతుతో రికార్డు చేసి పంపితే మీరు ఏడుస్తారు, అది వింటూ ఆమె మళ్లీ మిమ్మల్ని ఓదార్చే పనిలో పడుతుంది. రాత్రి పడుకునే వేళ కాకుండా, పాప బడికి వెళ్లాక ఆమెకు కాస్త ఊపిరి తీసుకునే సమయం చూసి పంపండి.

జవాబు రెండు మూడు రోజులు రాకపోవచ్చు. మరునాడే "చూశావా?" అని అడగకండి. "పర్లేదులే" అని ఒక్క మాట వస్తే, అంతా సర్దుకుందని అనుకుని మీ ఫంక్షన్ ఫొటోలు పంపడం మొదలుపెట్టవద్దు. మన ఆడవాళ్లం మనసు నొచ్చుకున్నప్పుడే ఆ మాట ఎక్కువగా అంటాం. "పర్లేదు అన్నావు, అయినా నేను వస్తాను" అని మాత్రం రాయండి. కోపంగా నాలుగు మాటలు అంటే అది మంచి గుర్తు. చదవండి, "నిజమే" అనండి, ఊరుకోండి.

ఇవన్నీ చేసే ముందు ఒక పని ఉంది. ఆదివారం వస్తానని రాయడమంటే రెండవసారి మాట ఇవ్వడం. మొదటి మాట పోవడానికి కారణమైన మౌనం ఇంకా మీ ఇంట్లోనే ఉంది కనుక, మెసేజ్ పంపక ముందే, ఈ రాత్రి భోజనాల దగ్గర మీ వారితో చెప్పండి. "వెళ్లనా?" అని అడగవద్దు. "నేను మాటిచ్చి తప్పాను, శనివారం రాత్రి బస్సుకు గుంటూరు వెళుతున్నాను, ఆదివారం రాత్రికి వస్తాను, పిల్లల సంగతి మీరు చూసుకోండి" అనండి. ఆయన ఎందుకని అడిగితే పాల సంగతి మొత్తం చెప్పండి. అత్తగారు వింటున్నా ఆపకండి. ఆయన ముఖం మాడ్చుకోవచ్చు, రెండు పూటలు మాట్లాడకపోవచ్చు. ఆయన ఇష్టాయిష్టాలను మీరు గౌరవించే ఇల్లాలని మీ ఉత్తరం చదివితేనే తెలుస్తోంది; ఆ గౌరవం మీవైపు కూడా రావాలని అడగడంలో తప్పు లేదు.

ఆమె రమ్మంటే అరలీటరు పాలు, గుప్పెడు కొత్తబియ్యం, బెల్లం ముక్క మీరే పట్టుకెళ్లండి. ముహూర్తం దాటిపోయింది కనుక శాస్త్రం చెప్పేవారెవరూ ఆ పూట అక్కడ ఉండరు. పొయ్యి దగ్గరకు మీరు వెళ్లకుండా, పాల గిన్నె ఆమె చేతికి ఇచ్చి, "నీకు ఇష్టమైతే నువ్వే పెట్టవే" అనండి. ఆమె వద్దంటే ఇద్దరూ టీ పెట్టుకుని తాగండి.