ముహూర్తానికి ముందే చెప్పు, ముహూర్తంలో మౌనంగా ఉండు

చిరంజీవి స్రవంతికి,

అక్క పెళ్లికి ఇంగ్లండు నుంచి వస్తున్న అతిథులకు తంతు అంతా ఇంగ్లీషులో నువ్వే వివరిస్తావని మీ నాన్న ఫోనులో చెప్పాడు. విన్నప్పటి నుంచి గర్వంగానూ ఉంది, గుబులుగానూ ఉంది.

ముందు రోజే పురోహితుడిని కలిసి దేని తర్వాత ఏది వస్తుందో రాసుకో. ఇంటింటికీ వరుస కొంత మారుతుంది. ఆయన మైకు జోలికి పోకు. అతిథులను మండపానికి ఒక పక్కన కూర్చోబెట్టి, వాళ్ల దగ్గరే చిన్న స్పీకరు పెట్టించుకో. ఒక్కో తంతుకు మూడు వాక్యాలు చాలు: ఇప్పుడు ఏం జరగబోతోంది, దాని భావం ఏమిటి, వాళ్లు ఏం చేయాలి.

నా భయమంతా ముహూర్తం గురించే. హనుమకొండలో ఒక పెళ్లికి వెళ్లాను. అక్కడ వ్యాఖ్యానం చెప్పిన అబ్బాయి బాగా చదువుకున్నవాడు, ఇంగ్లీషు ధారాళంగా వచ్చినవాడు. జీలకర్ర బెల్లం గురించి పేజీన్నర రాసుకొచ్చాడు. వధూవరుల మధ్య తెర పట్టాక చదవడం మొదలుపెట్టాడు. అతిథులు మర్యాదగా అతని వైపు తిరిగి వింటున్నారు. అతను సగంలో ఉండగానే పురోహితుడు చేయి ఎత్తాడు, గట్టిమేళం మొదలైంది. డోలు, సన్నాయి ఒక్కసారిగా అందుకుంటే స్పీకరులో ఏం వినిపిస్తుంది? ఆ అబ్బాయి ఇంకా గొంతు పెంచాడు. తమలపాకులో పెట్టిన జీలకర్ర బెల్లం ముద్ద తలమీదికి చేరింది, తెర దిగింది, పిల్లా పిల్లాడూ ఒకరినొకరు చూసుకున్నారు. ఆ క్షణంలో మండపం వైపు చూసిన అతిథి ఒక్కరూ లేరు. అక్షింతలు వాళ్ల గుప్పిట్లోనే ఉండిపోయాయి. తర్వాత పుస్తె కడుతుంటే చప్పట్లు కొట్టి, పెళ్లి అప్పుడే జరిగిందనుకున్నారు. అంత దూరం నుంచి వచ్చినవాళ్లకు అసలు ఘడియ దక్కలేదే అని నాకు ఇప్పటికీ కష్టంగా ఉంటుంది.

అందుకని తెర పట్టకముందే, ముహూర్తానికి అయిదు నిమిషాలు ఉందనగా నీ మాట ముగించాలి. భావం ఇలా ఉండాలి: “కాసేపట్లో ఇద్దరూ జీలకర్ర, బెల్లం కలిపి నూరిన ముద్దను ఒకరి తలమీద ఒకరు పెడతారు. మా సంప్రదాయంలో పెళ్లి ముహూర్తం అదే. విడదీయలేనట్టు కలిసిపోయిన ఆ రెండింటిలా ఇద్దరూ కలిసి ఉండాలని దాని భావం. మేళం ఒక్కసారిగా పెరగగానే తెర దిగుతుంది, అప్పుడు లేచి నిలబడి అక్షింతలు వేయండి.” అంతే. తర్వాత మైకు ఆపేసి, నువ్వు కూడా మండపం వైపు తిరుగు. నువ్వు ఎటు చూస్తే వాళ్లూ అటే చూస్తారు. ఫోటోగ్రాఫర్లు చుట్టూ గోడ కట్టకుండా ఆ పక్కన ఖాళీ వదలమని ముందే చెప్పించు.

ఇంకొక మాట కొంచెం గట్టిగానే చెబుతున్నాను. జీలకర్ర బెల్లం తలలో విద్యుత్తు పుట్టిస్తుందని, మట్టెలు నరాలను అదుపులో పెడతాయని ఎక్కడెక్కడో చదివినవి అక్కడ చెప్పకు. రుజువు లేని సంగతులతో మన పెళ్లికి గౌరవం రాదు. వచ్చేవాళ్లలో డాక్టర్లు కూడా ఉన్నారట.

కన్యాదానం దగ్గర సంజాయిషీ ఇచ్చుకున్నట్టు మాట్లాడకు. మీ పెదనాన్న అల్లుడి కాళ్లు కడగడం చూసి వాళ్లు ఆశ్చర్యపోవచ్చు. వరుడిని విష్ణుస్వరూపంగా భావించి చేసే మర్యాద అని చెబితే అర్థమవుతుంది. అయితే “నాతిచరామి” మాత్రం వదలకు. ధర్మంలో, అర్థంలో, కామంలో ఆమెను అతిక్రమించనని వరుడు మాట ఇస్తాడని చెప్పు. ప్రమాణం అంటే వాళ్లకూ పెళ్లిలో అలవాటైనదే.

తలంబ్రాలప్పుడు వివరణే వద్దు, నవ్వుకోనివ్వు. అరుంధతి దగ్గర మాత్రం పగటి పెళ్లి కనుక చుక్క కనిపించదని ముందే చెప్పాలి, లేకపోతే పాపం ఎండలోకి వెళ్లి ఆకాశమంతా వెతుకుతారు. వాళ్లు నాగలి అని పిలిచే చుక్కల గుంపు మన సప్తర్షి మండలంలోదే. ఆ నాగలి పిడిలో నడిమి చుక్క మిజార్ మన వసిష్ఠుడు, దాన్ని ఆనుకుని సన్నగా మెరిసే ఆల్కోర్ అరుంధతి. వైశాఖంలో రాత్రి భోజనాలయ్యాక ఉత్తరం వైపు బాగా ఎత్తులో కనిపిస్తాయి, మేడ మీదికి తీసుకెళ్లి చూపించు.

పెళ్లి రోజు పొద్దున్నే ఏదైనా తిను తల్లీ, ఖాళీ కడుపుతో నీ గొంతు వణుకుతుందని నాకు తెలుసు. రాసుకున్నది ఈ ఆదివారం ఫోనులో నాకు చదివి వినిపించు. గడియారం దగ్గర పెట్టుకుంటాను. ఏ తంతుకైనా అర నిమిషం దాటితే అక్కడే ఆపుతాను.

ఆశీస్సులతో,
మీ పెద్ద మేనత్త