డాలర్ బిల్లుల మీద ఒక్క రోజులో ఎంత నష్టం రావచ్చు?

ప్రశ్న: మాది భీమవరం దగ్గర రొయ్యల ఎగుమతి. 8 లక్షల డాలర్ల బిల్లులు రావాలి. ఒక్క రోజులో ఎంత పోవచ్చో వీఏఆర్, అంటే వాల్యూ ఎట్ రిస్క్ లెక్క వేసి చెప్పమంటున్నారు మా పార్ట్‌నర్లు. ఎలా వేయాలండీ?

జవాబు:

ముందుగా 8 లక్షలనీ లెక్కలోకి తీసుకోకండి. ఒక బ్యాంకు ట్రెజరీలో చాలా ఏళ్లు ఎగుమతిదారుల పొజిషన్లు చూశాను. ఎక్కువ మంది ఇక్కడే పొరబడతారు. మీరు ప్యాకింగ్ క్రెడిట్ డాలర్లలో తీసుకుని ఉంటే, ఆ అప్పు తీరేది ఈ బిల్లుల డబ్బుతోనే. కాబట్టి ఆ మేరకు రూపాయి ఎటు పోయినా మీకు బాధ లేదు. బ్యాంకుతో రేటు ముందే ఖాయం చేసుకుని ఫార్వర్డ్ కట్టిన డాలర్లు కూడా తీసేయాలి. అప్పు, ఫార్వర్డ్ కలిపి 3 లక్షలు అనుకుంటే, రిస్క్‌లో ఉన్నది 5 లక్షల డాలర్లే. లెక్క సులువుగా ఉండటానికి డాలర్ 80 రూపాయలు అనుకుందాం. అంటే 4 కోట్లు.

ఎఫ్‌బీఐఎల్ సంస్థ రోజూ ఇచ్చే డాలర్ రిఫరెన్స్ రేట్లు 251 రోజులవి ఎక్సెల్ షీటులో B2 నుంచి కిందికి, పాతవి పైన ఉండేలా పెట్టండి. C3లో మొదటి ఫార్ములా వేసి C252 దాకా లాగండి. రెండోది విడిగా ఒక సెల్‌లో:

```
=LN(B3/B2)
=STDEV.S(C3:C252)
```

రెండోదే రోజువారీ ఊగిసలాట. అది 0.3 శాతం వచ్చిందనుకోండి. 4 కోట్ల మీద 1.2 లక్షలు. దాన్ని 1.65తో గుణిస్తే 1.98 లక్షలు. ఇదే 95 శాతం నమ్మకంతో ఒక్క రోజు వీఏఆర్. 99 శాతానికి 2.33తో గుణిస్తే దాదాపు 2.8 లక్షలు.

పార్ట్‌నర్లకు చెప్పేటప్పుడు "మహా అయితే 2 లక్షలు పోతాయి" అనకండి. ఇరవై పనిరోజుల్లో ఒక రోజు, అంటే ఇంచుమించు నెలకోసారి, అంతకంటే ఎక్కువ పోవచ్చని దాని అర్థం. ఆ రోజు ఎంత పోతుందో ఈ అంకె చెప్పదు.

దానికి నేను ఎప్పుడూ చూపించేది 2013 ఆగస్టు. మే నెలలో అమెరికా ఫెడ్ బాండ్ల కొనుగోళ్లు తగ్గించవచ్చన్న మాట వచ్చినప్పటి నుంచి రూపాయి జారుతూనే ఉంది. ఆగస్టు 28న ఒక్క రోజే 66.24 నుంచి 68.80కి పడిపోయింది. డాలర్లు రావాల్సిన వాళ్లకు అది లాభమే. "ఆగుదాం సార్, 70 దాటుతుంది" అనేవాళ్లే ఎక్కువ. ఆ సాయంత్రం మార్కెట్ మూశాక, ఆయిల్ కంపెనీలకు డాలర్లు నేరుగా ఇస్తామని ఆర్‌బీఐ ప్రకటించింది. మర్నాడు రూపాయి 66.55 దగ్గర ముగిసింది. డాలర్‌కి 2.25 రూపాయలు తగ్గింది కాబట్టి, 5 లక్షల డాలర్ల మీద ఒక్క రోజులో 11.25 లక్షలు పోయినట్టు.

ముందు ఊగిసలాట మన 0.3 శాతమే అనుకుని, 28వ తేదీ కదలికను లెక్కలో కలిపి చూడండి. 250 రోజుల సగటులో అది 0.38కి మాత్రమే పెరుగుతుంది. ఒక్క పెద్ద రోజు 249 మామూలు రోజుల్లో కలిసిపోతుంది. అందుకే కొత్త రోజులకు ఎక్కువ బరువిచ్చే పద్ధతి నాకు నచ్చుతుంది. D3లో మొదటి ఊగిసలాట పెట్టి, D4 నుంచి ఇలా:

```
=SQRT(0.94*D3^2+0.06*C4^2)
```

ఇందులో ఒక్క రాత్రిలో 0.3 కాస్తా 0.97 అవుతుంది. అప్పటి రేటుకి పొజిషన్ విలువ 3.44 కోట్లు, 95 శాతం వీఏఆర్ దాదాపు 5.5 లక్షలు. పోయింది దానికి రెట్టింపు. అయినా ఆ ఉదయం 5.5 లక్షలన్న అంకె చూసిన వాళ్లు కొంతైనా ఫార్వర్డ్ కట్టే ఆలోచన చేస్తారు. మామూలు సగటుతో వచ్చే 2 లక్షల పైచిలుకు అంకె చూస్తే ఎవరూ కదలరు.

రూపాయి విషయంలో ఇంకో చిక్కు ఉంది. ఆర్‌బీఐ డాలర్లు కొంటూ అమ్ముతూ రేటును నిలకడగా పట్టి ఉంచే నెలల్లో ఊగిసలాట బాగా తగ్గిపోతుంది, వీఏఆర్ కూడా చిన్నదైపోతుంది. రేటు కదలనంత మాత్రాన రిస్క్ పోలేదు, ఎవరో ఆపి ఉంచారంతే. అలాంటి నెలల్లో నేను వీఏఆర్ పక్కన, డాలర్ 3 శాతం పడితే ఎంత పోతుందో కూడా రాసి ఇచ్చేవాణ్ణి. మీకైతే 12 లక్షలు. పార్ట్‌నర్ల ముందు రెండు అంకెలూ పెట్టండి.

లెక్క సరిపోతోందో లేదో చూడటానికి, ఏ రోజుకారోజు వేసిన వీఏఆర్ పక్కన మర్నాడు నిజంగా వచ్చిన లాభనష్టం రాసుకోండి. 250 రోజుల్లో నష్టం ఆ గీత దాటే రోజులు పన్నెండు, పదమూడు ఉండాలి. పాతిక దాటితే మీ ఊగిసలాట తక్కువ పడుతోంది. దాటిన రోజులన్నీ ఒకే రెండు మూడు వారాల్లో గుంపుగా ఉంటే, మొత్తం సరిపోయినా సరే, మార్కెట్ మారిన సంగతి మీ షీటుకి ఆలస్యంగా తెలుస్తోందన్నమాట. అప్పుడు 0.94ను 0.90కి తగ్గించి, మళ్లీ లెక్కించి చూడండి.