పచ్చళ్ల అమ్మకంలో రెఫరల్ బహుమతి

"కిలో పచ్చడి 600. ఖర్చులు పోగా 180 మిగులుతుంది. కొత్తవారిని తెచ్చినవారికి, వచ్చినవారికి చెరో 100 తగ్గిస్తుంటే చేతి నుంచి పోతోంది. ఏం చేయాలి?"

180 మిగిలేచోట 200 ఇస్తున్నారండీ, పోక ఏం చేస్తుంది! తెచ్చినవారికి డబ్బు తగ్గించకుండా, వారి తర్వాతి ఆర్డర్‌లో పావుకిలో గోంగూర సీసా పెట్టండి. వారికది 150 విలువ. మీకు సరుకూ సీసా కలిపి 80 పడిందనుకుందాం. అదే పార్శిల్‌లో వెళ్తుంది కాబట్టి వేరే కొరియర్ ఉండదు. అయితే బరువు పై స్లాబ్‌లోకి దాటుతుందేమో ముందు తూచి చూడండి, చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. కొత్తవారికి కిలో, ఆపైన కొంటేనే 40 తగ్గించండి. మొత్తం 120 పోయి 60 మిగులుతుంది.

కొత్తవారి పార్శిల్ అంది, డబ్బు చేతికొచ్చాకే సీసా ఖాయం చేయండి. లేదంటే క్యాష్ ఆన్ డెలివరీలో వెనక్కొచ్చిన ఆర్డర్లకూ బహుమతి ఇచ్చినట్టవుతుంది. ఒకే చిరునామాకి రెండు ఫోన్ నంబర్లతో ఆర్డర్లు వస్తే, ఇంట్లోవాళ్లే కొత్తవాళ్లయ్యారేమో చూసుకోండి.